పాత పెళ్లికి కొత్త రిజిస్ట్రేషన్: ఏ పేరుతో, ఏ తేదీతో?

ప్రశ్న: 2016లో మా ఊళ్లో పెద్దల సమక్షంలో పెళ్లయింది. రిజిస్టర్ చేయించుకోలేదు. మావారికి అమెరికా ఉద్యోగం వచ్చింది, నేనూ ఆరేళ్ల పాపా హెచ్-4 వీసాకు వెళ్లాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో నా పేరు కోట ప్రసన్న. ఆధార్‌లో మాత్రం అత్తవారి ఇంటిపేరుతో బండి ప్రసన్న అని మార్పించాం. ఇప్పుడు రిజిస్టర్ చేస్తారా? ఏ పేరు రాయించాలి? రేపు ఆస్తి విషయంలో ఇది పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: చేస్తారమ్మా. ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేస్తారు, ఎన్నేళ్లయినా ఫర్వాలేదు. నమోదు లేనంత మాత్రాన మీ పెళ్లి చెల్లకుండా పోదని అదే సెక్షన్ చెబుతోంది. పెళ్లిని పెళ్లిగా నిలబెట్టేది ఆనాటి తంతు. సర్టిఫికెట్ దానికి రుజువు మాత్రమే.

మీరు జాగ్రత్తపడాల్సింది రెండిటి దగ్గర: తేదీ, పేరు.

దరఖాస్తులో పెళ్లి తేదీ అన్న చోట 2016 నాటి ముహూర్తం తేదీనే రాయండి. రిజిస్టర్ చేసిన తేదీ సర్టిఫికెట్‌లో వేరుగా ఉంటుంది. పాత ఆధారాలు దొరకలేదని కొందరు గుళ్లో మళ్లీ దండలు మార్చుకుని ఆ కొత్త తేదీ రాయిస్తారు. ఆ పని అస్సలు చేయకండి. అప్పుడు పాప పెళ్లికి ముందే పుట్టినట్టు కాగితం చెబుతుంది, వీసా ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది. వీసా కోసం పెళ్లి తేదీ ఎక్కడ అడిగినా మీరూ, మీవారూ ఆ 2016 తేదీయే చెప్పాలి. శుభలేఖ పోయినా తాళి కట్టే ఫోటో, పెళ్లి చూసిన ముగ్గురు సాక్షులు, మీ ఇద్దరి అఫిడవిట్ ఉంటే సాధారణంగా పని జరుగుతుంది. ఏ ఆఫీసు అన్న సందేహం రాకుండా, పెళ్లి జరిగిన ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉందో అక్కడికే వెళ్లండి.

ఇక పేరు. కోట ప్రసన్న అనే రాయించండి. కారణం చెబుతాను. సర్టిఫికెట్‌లో పెళ్లికి ముందరి పేరు ఉంటేనే అది పాత కాగితాలకూ కొత్త కాగితాలకూ మధ్య వంతెన అవుతుంది. బండి ప్రసన్న అని రాయిస్తే, ఆ బండి ప్రసన్నే పదో తరగతి చదివిన కోట ప్రసన్న అని ఇంకో కాగితంతో రుజువు చేసుకోవాల్సి వస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన పేరు దానంతటదే మారదు కూడా.

మీ చిక్కు ఆధార్‌తోనే. వయసు, చిరునామా, పేరు మూడిటికీ ముందు పాస్‌పోర్టే చూపించండి. ఆధార్ తప్పనిసరని ఆఫీసులో పట్టుబడితే, పాస్‌పోర్టు ఆధారంగా ఆధార్‌లో కోట ప్రసన్న అని దిద్దించుకోవాలి. కానీ ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండే అవకాశాలు. ఒకటి వాడేశారు. అందుకని ఇకపై ఏ పేరుతో ఉండాలో ఇంట్లో తేల్చుకున్నాకే రెండోది వాడండి. నన్నడిగితే పాస్‌పోర్టు పేరునే ఉంచేసుకోండి. పాప జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఎలా ఉందో కూడా ఇప్పుడే చూసుకోండి, తేడా ఉంటే వీసా స్లాట్ తీసుకునే ముందే జనన మరణ రిజిస్ట్రార్ దగ్గర సవరించుకోవాలి.

సంతకం పెట్టే ముందు ఇంగ్లీషు అక్షరాలను పాస్‌పోర్టుతో ఒక్కొక్కటిగా పోల్చండి. మన దగ్గర ఎక్కువ తప్పులు ఇంటిపేరును ఒక్క అక్షరంగా కుదించడంలోనే జరుగుతాయి. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇక్కడా పూర్తిగానే ఉండాలి. అమెరికా వీసాకు అసలు సర్టిఫికెట్ చాలు, విదేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర అడగరు. దుబాయ్ లాంటి చోటికైతే రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం వరసగా ముద్ర వేయాలి.

ఆస్తి సంగతి. వీలునామా రాయకుండా భర్త పోతే, ఆయన సొంత ఆస్తిలో భార్యకు, పిల్లలకు, ఆయన తల్లికి సమాన వాటాలని 1956 హిందూ వారసత్వ చట్టం చెబుతోంది. మీ ఇంట్లో అత్తగారు ఉంటే మూడు వాటాలు: మీకు ఒకటి, పాపకు ఒకటి, ఆవిడకు ఒకటి. ఈ హక్కు సర్టిఫికెట్ వల్ల రాదు, భార్య కావడం వల్ల వస్తుంది. అయితే ఎవరైనా పెళ్లే జరగలేదని అడ్డం తిరిగితే, సర్టిఫికెట్ లేని భార్య సాక్షులను, ఫోటోలను వెతుక్కుంటూ కోర్టు చుట్టూ తిరగాలి. అప్పటికి పురోహితుడూ పెద్దలూ ఉంటారో లేదో. రిజిస్ట్రార్ ముందు ఇద్దరూ హాజరై సంతకం పెట్టాలి కాబట్టి, ఒకరు పోయాక రెండోవారు ఆఫీసుకెళ్లి ఈ పని చేయించుకోవడం దాదాపు కుదరదు. మీవారు ఇక్కడ ఉండగానే, విమానం ఎక్కకముందే స్లాట్ బుక్ చేసుకోండి.