కలపర్రు టోల్‌గేటు దాటినట్టు నాకు గుర్తు లేదు

ప్రశ్న: వచ్చే వారం కుటుంబంతో హైదరాబాదు నుంచి కాకినాడకు రాత్రిపూట కారులో వెళ్తున్నాము. నేనొక్కడినే నడపాలి. దారిలో నిద్ర వస్తే పాటలు గట్టిగా పెట్టుకుని, అద్దాలు దించుకుంటే సరిపోతుందా?

సరిపోదు. నేను అదే దారిలో, ఆ రెండు పనులూ చేస్తూనే నిద్రపోయాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మూడేళ్ల కిందట తణుకులో మా బావమరిది గృహప్రవేశం. ఆ రోజు ఉదయం ఆరింటికి లేచాను. ఆఫీసు పని ముగించుకుని, ఇంట్లో భోజనం చేసి, రాత్రి పదిన్నరకు కూకట్‌పల్లి నుంచి బయలుదేరాము. పక్క సీటులో మా అన్నయ్య, వెనక నా భార్య, పిల్లలు. సూర్యాపేటలో టీ తాగాము. విజయవాడ దాటేసరికి మూడుంపావు. హనుమాన్ జంక్షన్ దగ్గర కళ్లు మండుతుంటే అద్దం దించి, పాటల శబ్దం పెంచాను. చల్లగాలి ముఖానికి కొట్టగానే తేరుకున్నాననిపించింది. అసలు ప్రమాదం ఆ అనిపించడంలోనే ఉంది.

కాసేపటికి కుడి చక్రాలు డివైడరు పక్కనున్న గీత మీద గరగరమన్నాయి. స్టీరింగు సరిచేసుకున్నాను. కలపర్రు టోల్‌గేటు ఇంకా రాలేదేమిటని అనుకుంటూ ఉండగానే ఏలూరు బోర్డు కనిపించింది. వెంటనే కనిపించిన పెట్రోలు బంకులోకి తిప్పి, బండి ఆపి ఫోను చూశాను. ఫాస్టాగ్ నుంచి టోలు డబ్బులు తీసుకున్నట్టు సందేశం వచ్చి అప్పటికే చాలాసేపయింది. అంటే నేను వేగం తగ్గించాను, వరుసలోకి వెళ్లాను, గేటు లేచేదాకా ఆగాను, మళ్లీ వేగం పెంచాను. వీటిలో ఒక్కటీ నాకు గుర్తు లేదు. పాటలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. అన్నయ్య కళ్లు తెరిచి, "ఏమిటిరా, వచ్చేశామా?" అన్నాడు. నా చేతులు వణుకుతున్నాయి, జవాబు చెప్పలేకపోయాను.

నిద్ర ముంచుకొచ్చినప్పుడు మెదడు కొన్ని క్షణాల పాటు ఆగిపోతుంది. కళ్లు తెరుచుకునే ఉండవచ్చు కూడా. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు మెదడు ఆగిపోతే వంద మీటర్లు నడిపేవారు లేకుండా పోయినట్టే. ఆ వంద మీటర్లలో దీపాలు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీ ఒకటి ఉంటే చాలు. మన రోడ్ల మీద అలాంటి లారీలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. టైరు పేలితే వెనక రెండు రాళ్లు పెట్టి, దానికి కొమ్మ ఒకటి తగిలించి వెళ్లిపోతారు. ఈ విషయంలో నాకు కోపం ఆగదు.

ఆవలింతలు వచ్చినప్పుడు చూసుకుందామని కూర్చోకండి. నాకు ఆ రాత్రి ఆవలింతలు అంతకు ముందే వచ్చి తగ్గిపోయాయి, దాంతో నిద్ర పోయిందనుకున్నాను. నమ్మదగిన గుర్తులు వేరే ఉన్నాయి. గడిచిన ఐదు కిలోమీటర్లలో ఏ ఊరు దాటామో చెప్పలేకపోవడం, తెలియకుండానే వేగం 90 నుంచి 70కి పడిపోయి మళ్లీ ఎగబాకడం, ముందు లారీ వెనక దీపాల మీదే చూపు అతుక్కుపోవడం, చక్రం గీత మీదికి ఎక్కడం. వీటిలో ఒక్కటి కనిపించినా బండి ఆపవలసిందే. "ఇంకో ఇరవై కిలోమీటర్లే కదా" అనిపించడాన్ని కూడా నేను గుర్తుల్లోనే కలుపుతాను.

ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో హార్న్, రేనర్ అనే పరిశోధకులు 1990లలో ఈ విషయాన్నే పరీక్షించారు. నిద్ర తక్కువైనవారిని కారు నడిపే యంత్రం ముందు కూర్చోబెట్టి, ముఖానికి చల్లగాలి తగిలించి, రేడియో వినిపించి చూశారు. ప్రయోజనం కొద్దిగానే, అదీ కొద్దిసేపే కనిపించింది. కాఫీ, చిన్న కునుకు మాత్రం గట్టిగా పనిచేశాయి. ముఖం కడుక్కోవడం కూడా చల్లగాలి లాంటిదేనని నా అభిప్రాయం. రాత్రిపూట పోలీసులు బండ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగిస్తుంటారు. మంచి పనే, కానీ అందులో మేలు చేసేది నీళ్లు కాదు, బండి ఆగడం.

ఆ బంకులో నేను చేసింది, ఇప్పటికీ చేస్తున్నది ఇదే. వెలుతురు ఉండి మనుషులు తిరిగే చోట ఆపాలి, రోడ్డు అంచున మాత్రం ఆపకూడదు. ముందు చిక్కటి కాఫీ తాగాలి. టీలో కెఫీన్ తక్కువ, సూర్యాపేట టీ నన్ను ఏలూరు దాకా ఎలా తెస్తుంది? కాఫీ పనిచేయడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి, తాగిన వెంటనే సీటు వెనక్కు వాల్చి, ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకోవాలి. ఏసీ కోసం ఇంజిను నడుస్తూ ఉంచి పడుకోవద్దు, విషవాయువు లోపలికి చేరే ప్రమాదం ఉంది. ఇంజిను ఆపి అద్దాలు కొద్దిగా దించండి. గాఢనిద్ర పట్టకపోయినా ఫరవాలేదు, మగత చాలు. అరగంట దాటితే మాత్రం లేచాక మత్తు వదలడం కష్టం. లేచాక పది నిమిషాలు నడిచి, అప్పుడు స్టీరింగు పట్టుకోండి. ఇదంతా చేస్తే వచ్చేది గంట, గంటన్నర తెరిపి మాత్రమే. రాత్రంతా దీని మీద నెట్టుకురాలేరు.

అసలు తప్పు రాత్రి మూడింటికి జరగలేదు, బయలుదేరక ముందే జరిగింది. 17 గంటలు వరుసగా మేలుకున్నవారి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. మన చట్టం 30 దగ్గరే గీత గీసింది. నేను అప్పటికి 22 గంటలుగా మేలుకుని ఉన్నాను. పైగా రెండింటి నుంచి ఐదింటి దాకా శరీరం తనంతట తానే నిద్రలోకి జారే వేళ. మీరు జలుబు మాత్ర వేసుకుని ఉంటే ఇక చెప్పనక్కరలేదు, సెటిరిజిన్ లాంటివి చాలామందికి మగత తెస్తాయి.

అందుకని మీరు పగలంతా పనిచేసి రాత్రి బయలుదేరవద్దు. ఆ రాత్రి పడుకుని తెల్లవారుజామున ఐదింటికి తీయండి, మధ్యాహ్నానికి చేరతారు. రాత్రే తప్పదంటే బయలుదేరే ముందు మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోండి. పక్క సీటులో కూర్చునేవారికి ముందే చెప్పండి, ఆ సీటు నిద్రపోవడానికి కాదని. మా అన్నయ్యది తప్పనను, కాపలా ఉండమని నేను అడగలేదు.

ఇంకొక మాట. తిరుపతి యాత్రకు డ్రైవరును పెట్టుకుని వెళ్లేవారిని చూస్తుంటాను. అందరూ గదిలో పడుకుంటారు, డ్రైవరు మాత్రం పార్కింగులో కారులోనే దోమల మధ్య కూర్చుంటాడు. దర్శనం కాగానే రాత్రి తొమ్మిదింటికి "తీయవయ్యా, పొద్దున్నకల్లా ఇంట్లో ఉండాలి" అంటారు. ఆయన పడుకున్నాడా అని ఒక్కరూ అడగరు. మేము మొన్న వెళ్లినప్పుడు డ్రైవరు కోసం మరో గది తీసుకున్నాము. మధ్యాహ్నం ఆయన లేచి తలుపు తీసేదాకా మేమే కింద బల్ల మీద కూర్చుని ఎదురుచూశాము.