ఏడాదికి పాతిక పోస్టులు: అంశం ఎంత వెడల్పు ఉండాలి?

*పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో చేస్తున్నాను. షిఫ్టులు, ఆదివారం ఒక్కటే సెలవు. వారానికి ఐదు గంటలకు మించి కుదరదు. తెలుగులో బ్లాగు పెట్టాలని ఉంది. మొబైల్స్, వంటలు, ఆరోగ్యం, మన జిల్లా గుళ్లు అన్నీ ఇష్టమే. ఏ నిచ్ తీసుకోమంటారు?*

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తానండీ. నాకూ ఆదివారం ఒక్కటే ఖాళీ. ఇప్పటికి రెండు బ్లాగులు నడిపాను. మొదటిది ఐదు నెలల్లో ఆపేశాను, రెండోది ఇంకా నడుస్తోంది. ఇష్టం రెండింటి మీదా ఉంది. తేడా వచ్చింది గంటల లెక్క దగ్గర. అందుకే ముందు ఆ లెక్కే చెబుతాను.

ఏడాదికి 52 వారాలున్నా అన్నీ మన చేతిలో ఉండవు. పెళ్లిళ్లు, పండగలు, జ్వరాలు, మీకైతే ఆడిట్‌లు వస్తాయి. 40 వారాలు మిగిలితే చాలనుకోండి. వారానికి ఐదు గంటల చొప్పున ఏడాదికి 200 గంటలు. ఒక మంచి పోస్టుకు, అంటే విషయం సరిచూసుకుని, ఫొటోలు తీసి, రాసి, మర్నాడు మళ్లీ చదివి దిద్దుకునే పోస్టుకు, కొత్తలో నాకు ఎనిమిది గంటలు పట్టేది. అలా చూస్తే మొత్తం పాతిక పోస్టులు. ఏడాదంతా కష్టపడితే మీ చేతికి వచ్చేది అంతే.

కాబట్టి పాతిక పోస్టులతో ఇల్లు నిండినట్టు కనిపించే అంశమే మీకు సరిపోతుంది. 'వంటలు' అనే అంశంలో పాతిక పోస్టులంటే సముద్రంలో చెంబుడు నీళ్లు. ఒక కూర కోసం వచ్చినవాళ్లకు రెండోసారి కావలసింది అక్కడ దొరకదు, వెళ్లిపోతారు. అదే చిన్న అంశమైతే ఒక ప్రశ్నతో వచ్చిన మనిషికి ఆ తర్వాత వచ్చే రెండు మూడు సందేహాలకూ అక్కడే సమాధానం ఉంటుంది. పోస్టులకు ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకులు సహజంగా కుదురుతాయి.

రెండో లెక్క కూడా ఉంది. దాన్ని పట్టించుకోకే నా మొదటి బ్లాగు పోయింది. రాసిన పోస్టు ఎన్నాళ్లు బతుకుతుంది అన్నదే ఆ లెక్క. నేను ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లు తీసుకున్నాను. అందరూ వెతికేదే కదా అనుకున్నాను. నోటిఫికేషన్ పొద్దున వస్తే, నేను ఆఫీసు నుంచి వచ్చి, తిని, కూర్చునేసరికి రాత్రి పది. అప్పటికే రోజంతా అదే పనిమీద ఉన్నవాళ్లు పెట్టేసి ఉండేవారు. పైగా దరఖాస్తుకు ఆఖరు తేదీ దాటగానే ఆ పోస్టు చచ్చిపోయినట్టే. గంట, గంటన్నరలో ఒక్కోటి రాసి, ఐదు నెలల్లో అరవై దాకా పెట్టాను. ఆపేసిన రెండు నెలలకు చూసుకుంటే ఇంకా ఎవరికైనా పనికొచ్చేది ఒక్కటీ లేదు. అన్ని గంటలు పెట్టినా ఏమీ పోగుపడలేదన్నది నన్ను చాలా బాధపెట్టింది.

రెండో అంశం నేను వెతుక్కుంటే దొరికింది కాదు. మాకు ఉద్దానంలో చిన్న కొబ్బరి తోట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లను కూల్చేశాక మరుసటి ఏడాది కొత్త మొక్కలు నాటాం. నెలకు రెండు ఆదివారాలు ఎలాగూ వెళ్తాను. ఒకరోజు మా చిన్నాన్న ఒక ఆకు చూపించి, "ఒరే, కత్తెరట్టుకుని కోసినట్టుంది, ఏటిది?" అన్నాడు. విచ్చుకున్న ఆకు మీద రెండు వైపులా సమానంగా, ఇంగ్లిషు 'వి' అక్షరం ఆకారంలో కోతలు. అది కొమ్ము పురుగు పని. ఆకు ఇంకా మొవ్వులో మడిచి ఉన్నప్పుడే పెంకు పురుగు అడ్డంగా తొలిచేస్తుంది. ఆకు విచ్చుకున్నాక గానీ ఆ కోత మనకు కనబడదు. అంటే కోత కనిపించిన రోజున వెతికితే ఆ ఆకు మీద పురుగు దొరకదు. చూడాల్సింది మొవ్వులో. ఇంకా ముఖ్యంగా పెంటకుప్పలో, తోటలో కుళ్లుతున్న పాత మొద్దుల్లో. పిల్ల పురుగులు పెరిగేది అక్కడే. తుపానుకు పడిపోయిన చెట్లను చాలామంది తోటల్లోనే వదిలేశారు. కొత్త మొక్కల మీద ఈ పురుగు అంతగా పడటానికి అదీ కారణమే.

ఈ ఒక్క సంగతి రాయడానికి నాకు ఐదు గంటలే పట్టింది, ఎందుకంటే ఎలాగూ చూడాల్సిన తోటే. ఫొటోలు ఫోన్లో ఉన్నాయి. ఆకు కోత, మొవ్వు, మొద్దు విప్పితే కనిపించిన తెల్లటి పిల్ల పురుగు, మూడూ మా తోటలోవే. నాలుగేళ్ల తర్వాత చదివినా ఆ పురుగు అలాగే చేస్తుంది కాబట్టి పోస్టు బతికే ఉంటుంది.

అయితే 'కొబ్బరి సాగు' అని పెట్టుకుని ఉంటే మళ్లీ పెద్దదైపోయేది. నోటుబుక్కులో ప్రశ్నలు రాస్తూ పోతే నూరు దాటాయి. 'తుపాను తర్వాత నాటిన కొబ్బరి మొక్క, కాపుకొచ్చేదాకా' అని గీత గీసుకుంటే ఇరవై ఎనిమిది మిగిలాయి. నా ఏడాదికి ఇంచుమించు సరిపోయాయి. మందుల మోతాదులు మాత్రం రాయను. అది ఉద్యానశాఖవాళ్లు చెప్పాల్సిన పని, నేను పొరపాటు రాస్తే అవతలి రైతు డబ్బు పోతుంది. మేం చేసింది, చూసింది రాస్తాను.

మీరూ ఒక ఆదివారం ఇదే చేయండి. అంశం పేరు రాసి, దాని కింద పాతిక ప్రశ్నలు రాయండి. మీ ఊహలోవి కాదు, నిజంగా ఎవరో ఒకరు మిమ్మల్ని అడిగినవో, మీరే ఎవర్నో అడిగినవో రాయాలి. పన్నెండు దగ్గర కలం ఆగిపోతే ఆ అంశం మీ దగ్గర లేదనుకోండి. ఆగకుండా అరవై వచ్చేస్తే గీత ఇంకా దగ్గరగా గీయాలి.

తర్వాత వాటిలో పది ప్రశ్నలను గూగుల్‌లో వెతికి చూడండి. తెలుగు లిపిలో ఒకసారి, మనవాళ్లు ఫోన్లో కొట్టే ఇంగ్లిషు అక్షరాల్లో ఒకసారి. నేను `kobbari mokka aku kotha` లాంటివి కొట్టి చూశాను. ఇన్‌కాగ్నిటో విండోలో చూస్తే మీ పాత వెతుకులాట ప్రభావం తగ్గుతుంది. సగం టైపు చేయగానే కింద సూచనలు వస్తే జనం వెతుకుతున్నారన్నమాట. వచ్చిన మొదటి పేజీ లింకులు తెరిచి చదవండి. అడిగిన ప్రశ్నకు సూటిగా, సొంత ఫొటోలతో ఎవరైనా చెప్పేసి ఉంటే మీకు చోటు తక్కువ. అన్నీ వీడియోలు గానీ, ఒకదాన్ని చూసి ఒకటి రాసిన పేజీలు గానీ అయితే చోటుంది. సూచనలూ లేక, ఫలితాలూ ఖాళీగా ఉంటే మాత్రం సంబరపడకండి. బహుశా ఎవరూ అడగడం లేదు.

ఇక మీరు చెప్పిన నాలుగింటి సంగతి. మొబైల్స్ వద్దు. ప్రతి మోడల్ చేతిలోకి రావాలి, కొన్ని నెలల్లో పాతబడుతుంది. నా నోటిఫికేషన్ల కథే మళ్లీ. ఆరోగ్యం కూడా వద్దు. మనిషి ఒంటికి, డబ్బుకు సంబంధించిన విషయాల్లో రాసేవాళ్ల అర్హత, నమ్మకం ఎక్కువగా చూడాలని గూగుల్ తన నాణ్యతా మార్గదర్శకాల్లోనే చెబుతుంది. అది పక్కన పెట్టినా, డాక్టరు కానివారు రాసినదాన్ని నమ్మి ఎవరికైనా హాని జరిగితే మన మనసు ఊరుకోదు. గుళ్లు బాగుంటాయి. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం పాతబడవు. కానీ వెళ్లి రావడానికే ఆ వారం ఐదు గంటలు అయిపోతాయి, జనం ఎక్కువగా అడిగే దర్శన వేళలు, టికెట్లు మారుతుంటాయి. వంటల గురించి పైనే చెప్పాను.

మీరు రాయనిది ఒకటుంది, నాకు అదే కనిపిస్తోంది. రోజూ ఎనిమిది గంటలు క్యూసీ ల్యాబ్‌లో ఉంటారు కదా. మీ ఊళ్లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివే పిల్లలు మిమ్మల్ని ఏమడుగుతారు? క్యూసీలో చేరాలా, ప్రొడక్షన్‌లోనా? కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ మెషిన్ ఎప్పుడూ ముట్టుకోలేదు, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి? నైట్ షిఫ్టు ఎలా ఉంటుంది? ల్యాబ్ రికార్డులో తప్పు అంకె పడితే ఏం చేయాలి? ఈ ఆఖరిదాన్నే చూడండి. వైట్నర్ పూయకూడదు, తుడపకూడదు, పాత అంకె కనబడేలా ఒకే గీత కొట్టి పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం వేయాలి. మీకిది అలవాటైపోయిన పని. కొత్తగా చేరే కుర్రాడికి మొదటి వారంలోనే తిట్లు తినకుండా కాపాడే విషయం. మీకు వేరే పరిశోధన అక్కర్లేదు, మూడు గంటల్లో రాయగలరు, ఏళ్ల తరబడి పనికొస్తుంది. 'బీఎస్సీ తర్వాత క్యూసీ ల్యాబ్‌లో మొదటి ఏడాది' అని గీత గీసుకుంటే పాతిక ప్రశ్నలు మీకు సులువుగా వస్తాయని నా నమ్మకం.

మొదలుపెట్టాక గూగుల్ సెర్చ్ కన్సోల్‌కు సైటు జోడించండి, ఉచితమే. మూడు నాలుగు నెలల దాకా అంకెలు చూసి టెన్షన్ పడొద్దు. ఆ తర్వాత 'పెర్ఫార్మెన్స్' కింద జనం ఏ మాటలతో వెతికితే మీ పేజీ కనబడిందో చదవండి. క్లిక్‌లు లేకపోయినా ఆ మాటలు మీ అంశానివే అయితే గీత సరైనచోటే ఉంది, ఇంకా రాయాలంతే. నాకు ఎరువుల పోస్టు కంటే ఆకు కోత పోస్టు ఎక్కువగా కనబడింది. దాంతో తర్వాతి ఆరు పోస్టులూ 'కంటికి కనిపించే లక్షణం' నుంచి మొదలుపెట్టాను. పది పోస్టుల తర్వాత కూడా వేరే మాటలకే కనబడుతుంటే, అప్పుడు గీత జరపాలి.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు. పేజీలో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు 2018 నుంచి ఉంది. అయితే 100 డాలర్లు చేరితే గానీ చెల్లించరు. నెలకు రెండు పోస్టులు పెట్టేవాళ్లకు అక్కడికి చేరడం చాలా ఆలస్యం. మొదటి ఏడాది దాన్ని బట్టి అంశం మార్చకండి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. చేరినప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితాల్లో గోప్యత గురించి ఏముందో ముందు చదవండి. కంపెనీ పేరు, ప్రొడక్టు పేర్లు, టెస్టు పద్ధతులు, ల్యాబ్ లోపలి ఫొటోలు ఏవీ పెట్టొద్దు. ఫొటో అవసరమైతే ఇంట్లో ఖాళీ నోటుబుక్కు మీద తప్పు అంకె మీరే రాసి, గీత కొట్టి, ఫోనుతో తీయండి.