ఇంటి గురించి రాస్తున్న సుజాతకు

చి.ల.సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ చిన్నవాడు కిట్టు జర్మనీ వెళ్లాక ఇల్లు ఎలా ఉందో నువ్వు రాస్తున్నావనీ, ఆదివారం అనుబంధానికి పంపాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. మా ఇంట్లో ఇంకొకరు కలం పట్టారని ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఆ సంతోషంలో సగం భయమైంది. ఫోను చేస్తే ‘అలాగే పెద్దమ్మా’ అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. యూనికోడ్‌లో టైపు చెయ్యి. పత్రిక చెప్పిన నిడివి దాటకు. ఇది నీ సొంత రచన అనీ, మరెక్కడా ప్రచురణకు ఇవ్వలేదనీ హామీపత్రం జత చెయ్యి. జవాబు వచ్చేదాకా ఇంకో పత్రికకు పంపకు.

వీధి పేరు మాత్రం రాయకు. అపార్ట్‌మెంట్ పేరు అసలే వద్దు. అల్లుడుగారు కాలేజీకి వెళ్లాక పగలంతా నువ్వొక్కదానివే ఉంటావు. పిల్లలిద్దరూ విదేశాల్లో ఉన్నారని ఫోటోతో సహా పేపర్లో వేస్తే, చదివేవాళ్లందరూ మంచివాళ్లే అయి ఉండాలని ఎక్కడా లేదు. నీకిది ముసలిదాని చాదస్తంలా కనిపించవచ్చు. కనిపించనీ. ఊరి పేరు చాలు.

నువ్వు రాసిన మొదటి పేరా మీ అమ్మ చదివి వినిపించింది. ‘కిట్టు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. నిశ్శబ్దం రాజ్యమేలుతోంది. గోడలు కూడా వాడి కోసం ఎదురుచూస్తున్నాయి.’ నువ్వు ఏడుస్తూ రాశావని నాకు తెలుసు తల్లీ. కానీ నేను పత్రికలో పాఠకుల పేజీ చూసుకున్న రోజుల్లో ఈ మూడు వాక్యాలూ నాకు ఎన్నో ఊళ్ల నుంచి, ఎన్నో చేతిరాతల్లో వచ్చాయి. వాటిలో నీ ఇల్లు లేదు. ఎవరి ఇల్లూ లేదు. అసలు ఇల్లు నిశ్శబ్దంగా ఎక్కడుంది చెప్పు? ఇంతకాలం వాడి టీవీ మోతలో వినబడని ఫ్రిజ్ మోటారు ఇప్పుడు వినబడుతుంది. పక్కింటి కుక్కరు కూతలు లెక్కపెట్టగలుగుతావు. ఏ గంటకు ఏ చప్పుడు కొత్తగా చెవిన పడుతోందో రాయి. నిశ్శబ్దమనే మాట ఒక్కసారి కూడా వాడకుండా వ్యాసం పూర్తి చెయ్యి.

ఆ తరువాత వంటింట్లోకి వెళ్లు. మా అమ్మాయి 1998లో అమెరికా వెళ్లినప్పుడు నాకు తెలిసిందేమిటంటే, మనిషి వెళ్లిపోయాడన్న సంగతి మనసు ఒప్పుకున్నా చెయ్యి ఒప్పుకోదు. బియ్యం డబ్బాలో గ్లాసు ముంచితే పాత లెక్కే వచ్చేది. రాత్రికి అన్నం మిగిలేది, పొద్దున పులిహోర కలిపేదాన్ని. మీ పెదనాన్నగారు ‘మళ్లీ పులిహోరా?’ అనకుండా తినేవారు. ఆ అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది. ఇద్దరి కోసం గ్రైండర్‌లో గుప్పెడు మినప్పప్పు వేస్తే రాయికి పిండి అందదు, చుట్టూ అంచుకు అంటుకుపోతుంది. మిక్సీలో వేసుకోవాలి, లేదా ఒకేసారి ఎక్కువ రుబ్బి వారమంతా అదే తినాలి. పెద్ద గిన్నెలో కొంచెం పాలు తోడుపెడితే వేడి నిలవదు, చలికాలంలో పెరుగు తోడుకోదు, చిన్న గిన్నె వెతుక్కోవాలి. ఇవన్నీ నీకూ జరుగుతూ ఉండాలి. కిట్టు వెళ్లిన సంగతి నువ్వు చెప్పకుండానే కూరగాయల బండి అతనికి తెలిసిపోయిందట కదా! అరకిలో వంకాయలు పావుకిలో అయ్యేసరికి ‘చిన్నబాబు వెళ్లాడామ్మా?’ అని అడిగాడనీ, నువ్వు డబ్బులు ఇవ్వడం మరిచిపోయి లోపలికి వచ్చేశావనీ మీ అమ్మ చెప్పింది. ఇంత మంచి సంగతి చేతిలో పెట్టుకుని గోడలు ఎదురుచూస్తున్నాయని రాస్తావా? మొదటి పేరా కొట్టేసి, ఆ బండి దగ్గర మొదలుపెట్టు. అతను అడిగినమాట అలాగే రాయి. నీకు ఏమనిపించిందో మాత్రం రాయకు. డబ్బులు ఇవ్వడం మరిచిపోయావు, అది చాలు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ రాయరు. పెద్ద పిల్ల వెళ్లినప్పుడు ఇంట్లో చిన్నవాడు ఉన్నాడు. వాడు ఉన్నంతకాలం నువ్వూ అల్లుడుగారూ వాడి మీదుగా మాట్లాడుకున్నారు. ‘నాన్న భోజనానికి వస్తారేమో అడుగు’, ‘అమ్మ ఆ కరెంటు బిల్లు ఎక్కడ పెట్టిందో కనుక్కో.’ పోట్లాడుకున్న రోజు కూడా వాడి నోటితోనే రాజీ కుదిరేది. మన ఇళ్లలో చివరి పిల్లవాడు వెళ్తే ఆ మధ్యవర్తి పోతాడు. ముప్పై ఏళ్ల కాపురం తరువాత ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవలసి వస్తుంది, అదేమీ తేలిక కాదు. మేమిద్దరం కొన్నాళ్లు గ్యాసు గురించీ, మంచినీళ్ల గురించీ తప్ప వేరే మాట లేకుండా గడిపాం. ఒకరోజు ఆయన పేపరు చదువుతూ ఒక వార్త పైకి చదివారు. నాకోసం చదివారని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. నీ వ్యాసంలో అల్లుడుగారు ఇప్పటిదాకా ఒక్క వాక్యంలో కూడా లేరట. ఆయన కూడా కొడుకును పంపించి వచ్చినవాడే. ఆయన్ని గమనించు. వాడి బైకును వారానికోసారి స్టార్టు చేసి కాసేపు నడిపి ఆపేస్తున్నారా? చేస్తూనే ఉంటారు, బ్యాటరీ పడిపోకూడదు కదా. ఆ కారణమే ఆయన చెప్తారు. నువ్వూ ఆ కారణమే రాయి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. నేను పత్రికలో చేరడానికి కొంచెం ముందు ఒకావిడ వ్యాసం అచ్చయింది. ఆవిడకు ఒక్కడే కొడుకు, అమెరికాలో ఉద్యోగం. చాలా బాగా రాసింది. ఖాళీ గది, మడత విప్పని దుప్పటి, అంతా కళ్లకు కట్టింది. చివరికొచ్చేసరికి ఉన్న ఎకరం అమ్మి చదివించామనీ, ఇప్పుడు రెండు నెలలుగా వాడి నుంచి ఫోను లేదనీ, డాలర్లు వచ్చాక తల్లి బరువైందనీ రాసేసింది. సొంత పేరు, ఊరి పేరు కూడా వేశారు. తరువాతి వారాల్లో పాఠకుల ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. అన్నీ ఆ కొడుకును తిట్టినవే. కొన్ని అచ్చయ్యాయి కూడా. ఎవరో ఆ కాగితాలు కత్తిరించి వాడున్న ఊరికి పంపారు.

నేను డెస్కులో కూర్చున్న కొత్తలో ఆవిడ ఆఫీసుకు వచ్చింది. చేతిలో కొడుకు రాసిన ఉత్తరం. అది 2001వ సంవత్సరం. అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వరుసగా మూతపడుతున్నాయి. ఆ రెండు నెలలూ అబ్బాయికి ఉద్యోగం లేదు. ఉద్యోగం పోతే వీసా కూడా పోయే పరిస్థితి. స్నేహితుల గదిలో నేల మీద పడుకుంటూ, గొంతు విని అమ్మ కనిపెట్టేస్తుందని ఫోను చెయ్యలేదు. ఆవిడ మమ్మల్ని అడిగిందల్లా ఒక్కటే, ‘ఆ వ్యాసం వెనక్కి తీసుకోవడం కుదురుతుందా అమ్మా?’ అచ్చయిన కాగితాన్ని ఎవరు వెనక్కి తీసుకోగలరు? సవరణ వేస్తామన్నాం. ‘ఏమని వేస్తారు? నా కొడుక్కి ఉద్యోగం లేదని వేస్తారా?’ అంది. మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆవిడ నడక నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆవిడ అబద్ధం రాయలేదు సుజాతా. ఫోను రాలేదు, అది నిజం. పొలం అమ్మారు, అదీ నిజం. కానీ ఫోను ఎందుకు రాలేదన్నది ఆవిడ ఇంట్లో జరిగింది కాదు, అక్కడ వాడి గదిలో జరిగింది. ఆ గది ఆవిడ చూడలేదు. చూడని గదికి ఆవిడ తన బాధతో కారణం పెట్టింది. నువ్వు నీ గడప లోపల జరిగినదే రాయి. వాడు మారిపోయాడని రాయకు, వాడికి అక్కడ హాయిగా ఉందని కూడా రాయకు. వాడి చదువుకు చేసిన అప్పు, వాడి జీతం, ఆ సంబంధం తప్పిపోయిన విషయం — వీటి జోలికి వెళ్లావంటే నేను నీతో మాట్లాడను. మాట్లాడతానులే, కానీ చాలా రోజులు పడుతుంది.

ఆ కథకు విరుగుడు నీ దగ్గరే ఉంది. అక్టోబరు చివరి ఆదివారం సంగతి నువ్వే కదా మీ అమ్మకు చెప్పావు! కిట్టు ప్రతి ఆదివారం వాళ్ల సాయంత్రం ఐదింటికి ఫోను చేస్తాడు. వేసవిలో వాళ్లకూ మనకూ మూడున్నర గంటల తేడా, అంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. అక్టోబరు చివరి ఆదివారం యూరప్‌లో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి చివరి ఆదివారం దాకా తేడా నాలుగున్నర గంటలు, వాడి ఐదు మన తొమ్మిదిన్నర అవుతుంది. అది మీ ఇద్దరికీ తెలియదు. ఎనిమిదిన్నరకు ఫోను పెట్టుకుని కూర్చున్నారు. తొమ్మిదింటికి అల్లుడుగారు ‘చార్జింగు ఉందా?’ అన్నారు. నువ్వు చూసి ఉందన్నావు. ఆయన వార్తల చప్పుడు తగ్గించారు. తొమ్మిదిన్నరకు వాడు ఎప్పటిలాగే నవ్వుతూ చేశాడు, వాడి గడియారంలో సరిగ్గా ఐదింటికి.

ఆ గంటను వ్యాసంలో సగానికి పరిచి రాయి. వాడు ఆలస్యం చెయ్యలేదు, మీరు తొందరపడలేదు, అయినా ఆ గంటలో మీ ఇద్దరి బుర్రల్లో ఏయే ప్రమాదాలు తిరిగాయో నాకు తెలుసు. వాటిని పేరుపేరునా రాయక్కర్లేదు. మీరు ఒకరికొకరు చెప్పుకోని మాటలు, చెప్పుకున్న ఆ ఒక్క మాట ‘చార్జింగు ఉందా’, గోడ గడియారం ముల్లు. గడియారం మార్పు సంగతి పాఠకుడికి ముందు చెప్పకు. మీకు ఎప్పుడు తెలిసిందో అతనికీ అప్పుడే తెలియాలి.

పూర్తయ్యాక ముందు కిట్టుకు పంపు. పత్రికకు కాదు, నాకు కూడా కాదు. వాడు వద్దన్న వాక్యం ఎంత బాగున్నా తీసెయ్యి, ఎందుకని అడగకు. తరువాత అల్లుడుగారికి చదివి వినిపించు. ఆయన మధ్యలో లేచి వెళ్తే ఊరుకో, తిరిగి వచ్చాక ఆపిన చోటి నుంచి చదువు. ఆ తరువాత నాకు పోస్టులో పంపు. ఫోను తెర మీద చదవలేకపోతున్నాను. కాగితానికి ఒకవైపే, వరుసల మధ్య ఖాళీ వదిలి ప్రింటు తీయించు. ఎర్ర ఇంకుతో దిద్దుతాను, ముఖం చిన్నబుచ్చుకోవద్దు. పండుగ సంచిక హడావిడి అయిపోయాక పంపితే వాళ్లు కాస్త నిదానంగా చూస్తారు.

బీపీ మాత్రలు రాత్రిపూట మరిచిపోతున్నావట. వాడు గుర్తుచేసేవాడు కాబట్టి ఇప్పటిదాకా నడిచింది. ఇకనుంచి ఆ పని అల్లుడుగారికి అప్పగించు, నీ నోటితోనే అడుగు.

ఇట్లు,
మీ పెద్దమ్మ