డాక్టర్ సలహా: కూరకు చికెన్ ఎంతసేపు నానాలి? పెరుగు తప్పనిసరా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి. ఆదివారం ఉదయం 7 గంటలకు అప్పుడే కోయించిన చికెన్ కిలో తెచ్చి, ఉప్పు, కారం, పసుపు, అర కప్పు పెరుగు పట్టించి, వంటగట్టు మీద మధ్యాహ్నం 12 దాకా ఉంచుతాను. ఎంతసేపు నానితే అంత మెత్తగా ఉంటుందనీ, పెరుగు ఉంటే చెడిపోదనీ మా అత్తగారు చెబుతారు. పోయిన వారం ఒంటిగంటకు తిన్న మా ఇద్దరు పిల్లలకు సాయంత్రం 5 గంటలకు వాంతులు మొదలయ్యాయి. ముక్కలు బాగానే ఉడికాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: పిల్లలను చూడకుండా ఉత్తరం చదివి కారణాన్ని నిర్ధారించలేను కానీ, తిన్న 4 గంటలకే వాంతులు మొదలయ్యాయంటే నాకు మొదట వచ్చే అనుమానం స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి మీదే. ఇది మన చేతుల మీద, ముక్కులో, చిన్న చిన్న గాయాలలో ఉంటుంది. ముక్కలకు మసాలా పట్టించేటప్పుడు చేతుల నుంచి మాంసానికి చేరగలదు. వెచ్చగా కొన్ని గంటలు ఉంటే అక్కడ పెరిగి విషపదార్థాన్ని విడుదల చేస్తుంది. పొయ్యి మీద ఆ సూక్ష్మజీవి చచ్చిపోయినా, అది అప్పటికే వదిలిన విషం మాత్రం కూర ఎంత మరిగినా నశించదు. అందువల్ల ముక్క బాగా ఉడకడం ఒక్కటే రక్షణ కాదు. కోడిమాంసంలో తరచుగా ఉండే సాల్మొనెల్లా సంగతి వేరు: అది బాగా ఉడికితే చనిపోతుంది, ఉడకకుండా మిగిలితే సాధారణంగా అదే పూట కాక, మరుసటి రోజు నుంచి జ్వరంతో, విరేచనాలతో బయటపడుతుంది.

ఇక్కడ పెరుగు కాపాడుతుందన్న నమ్మకం సరైనది కాదు. పెరుగు పుల్లనిదే, కానీ కిలో మాంసానికి అర కప్పు వేసినప్పుడు మాంసం ఆ పులుపును చాలావరకు తగ్గించేస్తుంది, మిగిలిన పులుపు ఈ సూక్ష్మజీవులను ఆపడానికి చాలదు. పసుపు, కారం, కూరకు సరిపడే ఉప్పు కూడా అంతే. బయటి వేడి 32 డిగ్రీలు దాటినప్పుడు పచ్చి మాంసాన్ని గంటకు మించి బయట ఉంచకూడదు. అంతకన్నా చల్లగా ఉన్న రోజుల్లో గరిష్ఠంగా 2 గంటలు. తిరుపతి వేసవిలో, పొయ్యి వెలిగిన వంటగదిలో, మీరు ఉంచిన 5 గంటలు చాలా ఎక్కువ.

అయితే మీ అత్తగారు గమనించినది అబద్ధం కాదు, ఆమె చెప్పిన కారణమే వేరు. కోడిని కోసిన కాసేపటికి కండరాలు బిగుసుకుంటాయి, కొన్ని గంటల తర్వాత మళ్లీ సడలుతాయి. బిగుసుకున్న సమయంలో వండితే ముక్క గట్టిగా, పీచుగా ఉంటుంది. మీరు ఉంచిన 5 గంటలలో ఆ బిగువు సడలింది, ఆ పేరు పెరుగుకు వచ్చింది. ఆ విశ్రాంతి ఫ్రిజ్‌లో ఇచ్చినా మాంసం మెత్తబడుతుంది, పైగా సూక్ష్మజీవులకు పెరిగే వీలు తగ్గుతుంది. ఇక నాటుకోడి గట్టిదనం వయసుతో ముదిరిన కండరాలది. దాన్ని ఎంత నానబెట్టినా లాభం లేదు, సన్నని మంట మీద ఎక్కువసేపు ఉడికించాల్సిందే.

కూరకు పెరుగు తప్పనిసరి కాదు. పులుసులో మునిగి ఉడికే ముక్క ఆరిపోదు కాబట్టి, నిప్పుల మీద కాల్చే ముక్కకు ఉన్నంత అవసరం దీనికి లేదు. మసాలా, పెరుగు రెండూ పైపొరలోనే ఉంటాయి, క్రమంగా లోపలికి వెళ్లేది ముఖ్యంగా ఉప్పే. రుచి కోసం పెరుగు కావాలనుకుంటే వండే ముందు అరగంట చాలు. నిమ్మరసమైతే ఇంకా తక్కువ సేపు, ఎక్కువసేపు ఉంచితే ముక్క పైభాగం పిండిపిండిగా అవుతుంది. పాలు పడక అలెర్జీ ఉన్నవారు పెరుగు పూర్తిగా మానేసి, టమాటా లేదా చింతపండుతోనే పులుపు తెచ్చుకోవచ్చు.

వచ్చే ఆదివారం ఇలా చేయండి. సబ్బుతో చేతులు కడుక్కుని, ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు, పసుపు మాత్రం పట్టించి (ఇంట్లో బీపీ ఉన్నవారుంటే ఉప్పు ఇంకా తగ్గించి, కూరలో మళ్లీ వేసేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోండి), వెడల్పాటి స్టీలు గిన్నెలో పల్చగా పరచి, మూతపెట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. లోతు గిన్నెలో కుక్కితే మధ్యలోని ముక్కలు చల్లబడటానికి చాలా సేపు పడుతుంది. 11 గంటలకు తీసి, కారం, అల్లం వెల్లుల్లి, కావాలంటే పెరుగు కలిపి, పదకొండున్నరకు పొయ్యి మీద పెట్టండి. పచ్చి చికెన్ గిన్నెను, గరిటెను కడగకుండా వండిన కూరకు వాడకండి. ఉడికిందో లేదో ఎముక దగ్గరి రంగును బట్టి నిర్ణయించవద్దు, లేత కోళ్లలో బాగా ఉడికినా అక్కడ ఎర్రగా కనిపించవచ్చు. తొడ ముక్క మధ్యలో, వంటకు వాడే థర్మామీటరు ఎముకకు తగలకుండా చూస్తే 74 డిగ్రీల సెల్సియస్ రావాలి.

ఈ వాంతులు సాధారణంగా ఒక రోజులో తగ్గుతాయి. ఓఆర్ఎస్‌ను ప్యాకెట్ మీద చెప్పినంత నీటిలో కలిపి, గుక్కలు గుక్కలుగా తాగించండి. పిల్లలు మూత్రం తక్కువగా పోస్తున్నా, మగతగా ఉన్నా, ఏది తాగినా కక్కేస్తున్నా, మలంలో రక్తం కనిపించినా, జ్వరం ఎక్కువగా ఉన్నా మరుసటి రోజు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.