రిబేటు ముందా, సెస్సు ముందా: 12,85,000 జీతం మీద లెక్క

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర. హైస్కూల్లో పని చేస్తాను. 2025-26కి జీతం మొత్తం 12,85,000, ఆదాయపు పన్ను కొత్త విధానంలో. 12 లక్షల దాకా పన్ను లేదన్నారు, తీరా ఆఫీసులో 63,960 కట్టాలని కాగితం ఇచ్చారు. మా స్నేహితుడేమో 12,460 అంటున్నాడు. సెస్సు ముందు కలపాలా, రిబేటు ముందు తీయాలా?

జవాబు:

మాస్టారూ, ఆ రెండు అంకెలూ కాదండి. మీరు కట్టాల్సింది 10,400. ముందు రిబేటు తీయాలి, మిగిలిన పన్ను మీదే 4 శాతం సెస్సు వేయాలి. నేనూ ఓ స్కూల్లో జీతాల బిల్లులు పెడుతుంటాను. ఏటా ఫిబ్రవరిలో ఈ లెక్క దగ్గరే మా వాళ్ళకి చిక్కు పడుతుంది. అందుకని ఒక్కో మెట్టూ విడదీసి రాస్తున్నాను, పక్కన కాగితం పెట్టుకుని చూడండి.

12,85,000లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 12,10,000. కొత్త విధానంలో వృత్తి పన్ను 2,400 తీయడానికి లేదు, ఎల్ఐసీ, జీపీఎఫ్ కూడా చూపించడానికి లేదు. కాబట్టి మీ మొత్తం ఆదాయం 12,10,000 దగ్గర ఆగింది.

ఇప్పుడు శ్లాబులు. మొదటి 4 లక్షల మీద ఏమీ లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య 5 శాతం, అంటే 20,000. 8 నుంచి 12 మధ్య 10 శాతం, అంటే 40,000. 12 పైన ఉన్న 10,000 మీద 15 శాతం, అంటే 1,500. మొత్తం 61,500. మీ ఆఫీసు వాళ్ళు ఇక్కడికి సరిగ్గానే వచ్చారు. ఆ తర్వాత "12 లక్షలు దాటింది, రిబేటు లేదు" అని అక్కడే గీత గీసి, 61,500కి 4 శాతం సెస్సు 2,460 కలిపేశారు. అదే ఆ 63,960.

12 లక్షల దాకా పన్ను లేదన్న మాట వెనక ఉన్నది సెక్షన్ 87ఎ రిబేటు. శ్లాబు ప్రకారం 12 లక్షల మీద 60,000 పన్ను పడుతుంది, ఆ 60,000నీ రిబేటుగా వదిలేస్తారు. ఒక్క రూపాయి దాటితే మొత్తం 60,000 మీద పడటం అన్యాయం కనుక, అదే సెక్షన్లో ఇంకో వాక్యం పెట్టారు. 12 లక్షల మీద మీరు ఎంత ఎక్కువ సంపాదించారో, పన్ను అంతకు మించకూడదు. దీన్నే మార్జినల్ రిలీఫ్ అంటారు. మీరు దాటింది 10,000. శ్లాబు పన్ను 61,500. ఈ రెండింటికీ తేడా 51,500 మీకు రిబేటుగా పోతుంది. మిగిలిన పన్ను 10,000. దాని మీద 4 శాతం సెస్సు 400. మొత్తం 10,400.

మీ స్నేహితుడికి రిలీఫ్ సంగతి తెలుసు. ఆయన పొరపాటల్లా వరుసలోనే ఉంది. 61,500 మీద ముందు సెస్సు 2,460 లెక్కగట్టి, తర్వాత 51,500 రిబేటు తీశారు. అలా చేస్తే వదిలేసిన పన్ను మీద కూడా సెస్సు కట్టినట్టు అవుతుంది. హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్సు మీ ఆదాయం మీద వేసేది కాదండి, మీరు నిజంగా కట్టాల్సి వచ్చే పన్ను మీద వేసేది. అందుకే సరిగ్గా 12 లక్షలు ఉన్నవాళ్ళకి పన్ను సున్నా, సున్నా మీద సెస్సూ సున్నా. 2018కి ముందు ఇది 3 శాతం ఎడ్యుకేషన్ సెస్సుగా ఉన్నప్పుడు కూడా వరుస ఇదే.

ఇక ఆ 400 సంగతి. 12 లక్షల మీద మీకు ఎక్కువ వచ్చింది 10,000, కట్టేది 10,400. అంటే సరిగ్గా 12 లక్షలున్న మీ పక్క మాస్టారి కంటే మీ చేతిలో 400 తక్కువ మిగులుతుంది. ఇది లెక్కలో తప్పు కాదు. రిలీఫ్ పన్నుకి మాత్రమే అడ్డుకట్ట వేస్తుంది, సెస్సుకి వేయదు. నా మటుకు నాకు ఇది సవరించాల్సిన లోపమే అనిపిస్తుంది, కానీ ఇవాళ్టి నిబంధన ఇది.

ఈ సంగతి మీకు ఎందుకు ముఖ్యమంటే, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏమైనా ఉందా? మీరు జీతం ఒక్కటే రాశారు. ఏడాదికి 8,000 వడ్డీ వస్తుందనుకోండి. మొత్తం ఆదాయం 12,18,000 అవుతుంది. శ్లాబు పన్ను 62,700, దాటింది 18,000, కాబట్టి పన్ను 18,000, సెస్సు 720, మొత్తం 18,720. ఆ 8,000 వడ్డీకి 8,320 ఎక్కువ కట్టారన్నమాట. "బ్యాంకు వాళ్ళు టీడీఎస్ కోయలేదు కదా" అని మా స్టాఫ్ రూంలో చాలామంది వదిలేస్తారు. వడ్డీ ఏడాదికి 50,000 దాటితేనే బ్యాంకు కోస్తుంది. కోయకపోయినా అది ఆదాయమే, మీ పాన్ మీద పన్ను శాఖ ఉంచే ఏడాది ఆదాయాల పట్టిక ఏఐఎస్‌లో కనిపిస్తుంది. డీఏ బకాయిలు పడినా ఇదే లెక్క.

ఈ రిలీఫ్ ఎంతదాకా పనిచేస్తుందంటే, మొత్తం ఆదాయం సుమారు 12,70,588 దాకా. 12,70,000 దగ్గర శ్లాబు పన్ను 70,500, దాటింది 70,000, కాబట్టి రిలీఫ్ 500 మాత్రమే మిగిలింది. 12,80,000కి వస్తే శ్లాబు పన్ను 72,000, దాటింది 80,000. ఇక రిలీఫ్ లేదు, 72,000కి సెస్సు 2,880 కలిపి 74,880 కట్టాల్సిందే.

మొత్తం ఆదాయం సరిగ్గా ఎంతో తేల్చుకోకుండా రిబేటు లెక్క వేస్తే ఏమవుతుందో నాకు అనుభవం. 2022-23లో నేను పాత విధానంలో ఉన్నాను. తగ్గింపులన్నీ పోగా నా ఆదాయం 4,82,000. పాత విధానంలో 5 లక్షల దాకా 12,500 రిబేటు ఉంది. నా పన్ను 11,600, అంతా రిబేటులో పోయింది, కట్టేది సున్నా. దీనికి తోడు మా నాన్నగారి వాటాగా నాకొచ్చిన చిన్న పొలం ముక్క ఉంది. ఒకప్పుడు రెండు పంటలు వరి పండిన చేను. చుట్టూ అందరూ చెరువులు తవ్వాక ఉప్పు ఊట దిగి వరి రాలేదు, మేమూ లీజుకిచ్చేశాం. లీజు 40,000. పొలమే కదా అని దాన్ని వ్యవసాయ ఆదాయం గడిలో వేసుకున్నాను.

రిటర్ను పంపేముందు మా వీధిలో ఉండే రిటైర్డ్ ఆడిటర్ గారికి ఒకసారి చూపించాను. ఆయన కాగితం మీద వేలు పెట్టి అడిగారు.

"ఈ పొలంలో ఏం వేస్తున్నారు బాబూ?"

"ఏమీ వేయట్లేదండి, రొయ్యల చెరువు."

"అయితే ఇది వ్యవసాయం కాదు. చేపలూ రొయ్యలూ పెంచితే వచ్చేది వ్యవసాయ ఆదాయం కింద రాదు. ఆ చెరువుకిచ్చిన లీజు కూడా రాదు. జీతంలో కలుపు."

కలిపితే 5,22,000. మొదటి 5 లక్షల మీద 12,500, పై 22,000 మీద 20 శాతం 4,400, కలిపి 16,900. 5 లక్షలు దాటింది కాబట్టి రిబేటు మొత్తం పోయింది. పాత విధానంలో మార్జినల్ రిలీఫ్ లేదు, ఇప్పటికీ లేదు. సెస్సు 676 కలిపితే 17,576, పదికి సవరిస్తే 17,580. దాని మీద ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ వేరే. 40,000 లీజులో దగ్గర దగ్గర సగం అలా వెళ్ళిపోయింది. అప్పటికి మార్చి దాటిపోయింది, 80సి కింద ఇంకేదైనా కట్టి 5 లక్షల లోపుకి దిగే వీలు కూడా లేదు. భీమవరం చుట్టుపక్కల, ఇటు కోనసీమ వైపు, చెరువు లీజులున్న ఉద్యోగులు ఎంతోమంది. మీకూ ఉంటే ఇప్పుడే కలిపి చూసుకోండి.

మీ ఇంట్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క మాట. 87ఎ రిబేటు ఇక్కడ నివాసి అయిన వ్యక్తికే. ఎన్ఆర్ఐకి ఇక్కడి అద్దెలు, వడ్డీలు కలిపి 6 లక్షల ఆదాయం ఉంటే, 4 పైన ఉన్న 2 లక్షల మీద 10,000 పన్ను, 400 సెస్సు, మొత్తం 10,400. మీరు 12,10,000 మీద కట్టేది అంతే!

ఇక మీరు చేయాల్సింది. ఫిబ్రవరి జీతం బిల్లు ట్రెజరీకి వెళ్ళకముందే ఆఫీసుకి వెళ్ళండి. మనకి మార్చి జీతం నుంచి ఫిబ్రవరి జీతం దాకా ఒక ఏడాది లెక్క, ఆ బిల్లు పోతే ఇక సర్దడానికి నెల ఉండదు. నెలనెలా ఎక్కువ కోసి ఉంటే మిగిలిన కోతలో తగ్గించే అధికారం జీతం బిల్లు మీద సంతకం పెట్టే డీడీఓ గారికి చట్టంలోనే ఉంది, మొహమాటపడకుండా అడగండి. అప్పటికే 63,960 కోసేసి ఉన్నా డబ్బు పోదు. రిటర్ను వేస్తే తేడా 53,560 రిఫండుగా వస్తుంది, కాకపోతే కొన్ని నెలలు ఆగాలి.

సెస్సు ముందా వెనకా అని ఆఫీసులో వాదన వస్తే, పాత ఏడాది ఐటీఆర్-1 ఫారం తీసి చూపించండి. అందులో `Rebate u/s 87A` అనే గడి ముందు వస్తుంది, దాని కింద `Tax after Rebate`, ఆ కింద `Health and Education Cess @4%`. మీ విషయంలో ఆ మూడు గడుల్లో వరుసగా 51,500, 10,000, 400 ఉండాలి.