రిపోర్ట్‌లో ఫ్యాట్ 6.0, ట్యాంకర్‌లో 4.6: తేడా ఎక్కడ?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గర ఒక పాల చిల్లింగ్ సెంటర్. నాలుగు ఊళ్ల కేంద్రాల నుంచి పాలు వస్తాయి. ఎక్సెల్ రిపోర్ట్‌లో సగటు ఫ్యాట్ 6.0 చూపిస్తోంది, డెయిరీలో ట్యాంకర్ టెస్ట్ చేస్తే 4.6 అంటున్నారు. దారిలో ఎవరైనా నీళ్లు కలుపుతున్నారా? ట్యాంకర్ డ్రైవర్‌ని అడగాలా?

జవాబు: డ్రైవర్‌ని ఇప్పుడే ఏమీ అనకండి. నేను నల్గొండ వైపు ఒక సెంటర్‌లో లెక్కలు చూసేటప్పుడు ఇలాంటి తేడాకే ఒక డ్రైవర్‌ని బండి దింపేశారు. తర్వాత చూస్తే పాలు బాగానే ఉన్నాయి, రిపోర్ట్ కింద ఉన్న AVERAGE ఫార్ములాలో ఉంది తప్పు. మీ దగ్గరా ముందు అదే చూడండి.

మీ నాలుగు కేంద్రాలు ఇలా ఉన్నాయనుకుందాం. రోడ్డు మీది పెద్ద ఊరు, అంతా సంకర జాతి ఆవులు: 600 కిలోల పాలు, ఫ్యాట్ 4.0. రెండో ఊరు 300 కిలోలు, 5.0. మూడోది 80 కిలోలు, 7.0. చివరిది చిన్న తండా, అన్నీ బర్రె పాలే: 20 కిలోలు, 8.0. ఈ నాలుగు ఫ్యాట్‌లు కూడి నాలుగుతో భాగిస్తే సరిగ్గా 6.0 వస్తుంది. అంటే 20 కిలోలు పోసిన తండాకీ, 600 కిలోలు పోసిన ఊరికీ ఒకే ఓటు వేసినట్టు.

ట్యాంకర్‌కి ఈ ఊళ్ల సంగతి తెలియదు, దానిలో అంతా కలిసిపోతుంది. కాబట్టి ఒక్కో కేంద్రం నుంచి ఎన్ని కిలోల ఫ్యాట్ వచ్చిందో చూడాలి. 600లో 4 శాతం 24 కిలోలు, 300లో 5 శాతం 15, తర్వాత 5.6, 1.6. మొత్తం 46.2 కిలోల ఫ్యాట్, 1000 కిలోల పాలు. సగటు 4.62. రిపోర్ట్‌లోని 6.0 నమ్మితే 60 కిలోల ఫ్యాట్ ఉండాలి. మాయమైందని మీరు అనుకుంటున్న 13.8 కిలోలు అసలు ఎప్పుడూ లేవు.

B కాలమ్‌లో కిలోలు, C కాలమ్‌లో ఫ్యాట్ ఉంటే:

```
=SUMPRODUCT(B2:B5,C2:C5)/SUM(B2:B5)
```

మీరు లీటర్లలో కొలుస్తుంటే ఒక లీటరు దాదాపు 1.03 కిలోలు. అన్ని కేంద్రాలకీ ఒకటే గుణకం వాడితే సగటు మారదు, మొత్తం కిలోల ఫ్యాట్ లెక్కకి మాత్రం అది కావాలి.

ఈ ఫార్ములాలోనూ ఒక చిక్కుంది. ఏదో పూట మెషీన్ పని చేయక ఫ్యాట్ గడి ఖాళీగా వదిలేస్తే SUMPRODUCT దాన్ని సున్నాగా తీసుకుంటుంది, కింద SUMలో మాత్రం ఆ పాలు ఉంటాయి. పై ఉదాహరణలో రెండో ఊరి ఫ్యాట్ ఖాళీ అయితే జవాబు 3.12 వస్తుంది. అన్నిటికంటే తక్కువ ఫ్యాట్ 4.0 అయినప్పుడు సగటు అంతకన్నా కిందికి ఎలా పోతుంది? అలా కనిపిస్తే ఖాళీ గడుల కోసం వెతకండి. ఫ్యాట్ ఉన్న పాలనే లెక్కలోకి తీసుకోవాలంటే:

```
=SUMPRODUCT(B2:B5,C2:C5)/SUMIF(C2:C5,">0",B2:B5)
```

దీంతో 4.46 వస్తుంది. అది మిగిలిన మూడు ఊళ్ల సగటు మాత్రమే, రెండో ఊరి ఫ్యాట్ కనుక్కోవాల్సిన పని మీకు అలాగే ఉంటుంది.

మీరు పివట్ టేబుల్ వాడుతుంటే Fatని Averageలో పెట్టకండి. అసలు షీట్‌లోనే FatKg అని ఒక కాలమ్ వేసి ప్రతి వరుసలో Kg*Fat/100 రాయండి. తర్వాత పివట్‌లో కాలిక్యులేటెడ్ ఫీల్డ్:

```
=FatKg/Kg*100
```

కాలిక్యులేటెడ్ ఫీల్డ్ ముందు మొత్తాలు కూడి, ఆ తర్వాత భాగిస్తుంది. మనకి కావాల్సింది అదే. కానీ షీట్‌లో కాలమ్ వేయడం బద్ధకమై Kg*Fat గుణకారం కూడా ఆ ఫీల్డ్‌లోనే రాస్తే, కిలోల మొత్తాన్ని ఫ్యాట్‌ల మొత్తంతో గుణించి అర్థం లేని అంకె ఇస్తుంది. నేను చూసిన షీట్లలో ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే.

పూట నుంచి రోజుకి, రోజు నుంచి నెలకి వెళ్లేటప్పుడు కూడా శాతాన్ని మోసుకెళ్లకండి. కిలోల పాలు, కిలోల ఫ్యాట్, ఈ రెండు మొత్తాలే పైకి పంపి చివర్లో ఒక్కసారి భాగించండి. ఏదైనా ఊరు శాతం ఒక్కటే పంపి పాల కిలోలు పంపకపోతే, దాన్నుంచి సరైన సగటు తీయడం కుదరదు, ఫోన్ చేసి అడగాల్సిందే. రైతులకి ఇచ్చిన సగటు ధరకీ ఇదే పద్ధతి: మొత్తం రూపాయలు, మొత్తం కిలోలు.

ఇలా సరిచేశాక కూడా ట్యాంకర్‌తో 0.3 వరకు తేడా మిగిలితే, అప్పుడు శాంపిల్ తీసే తీరు చూడండి. కదలకుండా నిలిచిన పాలలో మీగడ పైకి తేలుతుంది. బాగా కలపకుండా అడుగు నుంచి తీసిన శాంపిల్‌లో ఫ్యాట్ తక్కువ చూపిస్తుంది. డెయిరీలో కలిపాకే తీస్తున్నారా అని మీ మనిషి ఒకరు పక్కనుండి చూడాలి. నీళ్ల అనుమానం ఆ తర్వాతే. అదీ ఫ్యాట్ ఒక్కటే చూసి కాదు, ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా పడిపోయిందేమో చూసి.