ట్రస్ట్ స్కోరు 86 వచ్చిన చీరల సైటును నమ్మవచ్చా?

*ఫేస్‌బుక్ ప్రకటనలో ఒక చీరల సైటు కనిపించింది. గద్వాల చీర 899 రూపాయలకే అంటున్నారు. సైటును తనిఖీ చేసే సాధనంలో పెట్టి చూస్తే హోస్టింగ్ కెనడా, షాపిఫై, ట్రస్ట్ స్కోరు 86, వైరస్ లేదు అని వచ్చింది. డబ్బు కట్టవచ్చా?*

ఈ ఫలితాలను బట్టి మాత్రం కట్టవద్దు. చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఇలాంటి నివేదికలు తరచూ చూస్తుంటాను. వాటిలో అబద్ధం ఉండదు. కానీ అవి చెప్పేది కంప్యూటర్ల గురించి. మీ డబ్బు ఎవరి చేతికి వెళుతుందో వాటికి తెలియదు.

ముందు కెనడా సంగతి. షాపిఫై అంటే ఆన్‌లైన్ దుకాణాలను అద్దెకు నడిపించే సేవ. అందులో సొంత పేరుతో దుకాణం తెరిచినవాళ్లు తమ సైటు పేరును, అంటే డొమైన్‌ను, సాధారణంగా `23.227.38.65` అనే ఒకే ఐపీ చిరునామాకు కలుపుతారు. ఆ కంపెనీది కెనడా. అందుకే మంగళగిరి నేత చీరలు అమ్మే నిజమైన దుకాణానికైనా, సూరత్‌లో కూర్చున్న మోసగాడికైనా సాధనం అదే చోటు చూపిస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ వెనుక ఉన్న సైట్లదీ ఇదే పరిస్థితి: కనిపించేది మధ్యవర్తి చిరునామా, అసలు సర్వరు దాని వెనుక ఉంటుంది. కొరియర్ ఆఫీసు చిరునామా చూసి పార్సిల్ పంపినవాళ్ల ఊరు చెప్పలేం కదా.

షాపిఫై అన్న మాట మాత్రం దాదాపు ఖాయంగా నిజమే. పేజీ కోడులో `cdn.shopify.com` వంటి జాడలు ఉంటాయి, సాధనం వాటిని చదివి చెబుతుంది. అయితే నెలకు అద్దె కట్టగలిగిన ఎవరైనా అక్కడ దుకాణం తెరవవచ్చు.

ఇక అందరూ ఎక్కువగా నమ్మేది స్కోరును. దాన్ని లెక్కగట్టేది యంత్రమే: డొమైన్ ఎన్నాళ్ల క్రితం నమోదైంది, సైటుకు భద్రతా సర్టిఫికెట్ ఉందా, అదే ఐపీలో ఇంకెవరున్నారు, ఎవరైనా ఫిర్యాదు చేశారా వంటివి చూస్తుంది. వీటిలో డొమైన్ వయసుకు మంచి బరువు ఉంటుంది. మోసగాళ్లకు కూడా ఈ విషయం తెలుసు.

మా బంధువులమ్మాయి పంపిన ఒక సైటు విషయంలో నేను ఇదే చూశాను. డొమైన్ నమోదు వివరాలు చూపే హూఈజ్‌లో Creation Date 2014 అని ఉంది, స్కోరు బాగుంది. `web.archive.org`లో అదే చిరునామా పాత పేజీలు తెరిస్తే, చాలా ఏళ్లపాటు అది ఏదో విదేశీ పర్యాటక బ్లాగు. తరవాత కొంతకాలం ఖాళీ. ఆపైన ఒక్కసారిగా చీరలు. గడువు తీరిన డొమైన్ పూర్తిగా రద్దయ్యాక మళ్లీ నమోదైతే కొత్త తేదీ పడుతుంది. రద్దు కాకముందే వేలంలో చేతులు మారితే పాత తేదీ అలాగే నిలుస్తుంది. ఇక్కడ జరిగింది రెండోదే. జారీ అయిన సర్టిఫికెట్ల రికార్డు చూపే `crt.sh`లో ఆ పేరు కొట్టి చూస్తే, నడుమ చాలాకాలం సర్టిఫికెట్లు ఏమీ లేవు, ఈమధ్యే మళ్లీ మొదలయ్యాయి. వయసు డొమైన్‌ది, దుకాణానిది కాదు.

దీనికి తలకిందుల అన్యాయం కూడా జరుగుతుంది. నేను చేసిపెట్టిన ఒక నేత కుటుంబం సైటుకు మొదటి నెలల్లో స్కోరు చాలా తక్కువగా వచ్చింది. కారణం డొమైన్ కొత్తది కావడం, యజమాని వివరాలు గోప్యంగా ఉండడం. 2018 తరవాత ఆ వివరాలు చాలా డొమైన్లకు వాటంతటవే మరుగున పడుతున్నాయి. దాన్ని అనుమానానికి ఆధారంగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

"వైరస్ లేదు" అన్నది కూడా పరిమితమైన మాటే. వైరస్‌టోటల్ వంటివి ఆ లింకు హానికర ప్రోగ్రాములకో, పాస్‌వర్డు దొంగతనానికో సంబంధించిన జాబితాల్లో ఉందా అని చూస్తాయి. డబ్బు తీసుకుని చీర పంపని సైటులో పట్టుకోవడానికి వైరస్ ఏమీ ఉండదు. కానీ ఎర్ర జెండా వస్తే మాత్రం పట్టించుకోండి. చెడ్డదని చెప్పినప్పుడు ఈ సాధనాల మాటకు ఉన్న విలువ, మంచిదని చెప్పినప్పుడు లేదు.

మీరు చేయవలసిన తనిఖీ వేరే ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటులో చూపాలి. అవి లేకుండా జీమెయిల్ చిరునామా ఒక్కటే ఉంటే అక్కడే ఆగండి. జీఎస్టీ నంబరు ఇస్తే `gst.gov.in`లో Search Taxpayer దగ్గర వెతకండి, లాగిన్ అవసరం లేదు. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. గద్వాల నుంచి పంపుతున్నామని చెప్పి వేరే రాష్ట్రం నంబరు ఇస్తే కారణం అడగండి. నంబరు మరొకరిది కాపీ కొట్టి ఉండవచ్చు కాబట్టి, అక్కడ కనిపించిన పేరును యూపీఐ పిన్ కొట్టేముందు తెరపై వచ్చే పేరుతో పోల్చండి. దుకాణం పేరుకు సంబంధం లేని వ్యక్తి పేరు వస్తే వెనక్కి వచ్చేయండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి.